నాన్నగారి మందుల చీటీ ఫొటో: 1-0-1లను రోజువారీ పట్టికగా మార్చడం ఎలా?

వాణి_పుణె | మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాన్నగారికి డెబ్బై ఒకటో ఏడు. కాలి పుండుకు చీము పట్టి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఈ సాయంత్రమే కొవ్వూరులో ఇంటికి చేరారు. షుగరు, థైరాయిడ్ ముందునుంచీ ఉన్నాయి. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన మందుల చీటీని తమ్ముడు ఫొటో తీసి నాకు పంపాడు. అమ్మకు చిన్న అక్షరాలు ఆనవు, నాన్నగారికి ఆ అంకెలు చూస్తే చిరాకు. అందుకని గోడకు అంటించుకునేలా పెద్ద అక్షరాలతో ఒక పట్టిక చేసి పంపమన్నారు.

ఫొటోలో నాకు కనిపించింది ఇది:

థైరాయిడ్ మాత్ర 50: 1-0-0
పాంటాప్రజోల్ 40: 1-0-0
అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్ 625: 1-0-1, 5 రోజులు
మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్: 1-0-1
గ్లిమెపిరైడ్ 2: 1-0-0
కాల్షియం 500: 0-1-0
అటోర్వాస్టాటిన్ 10: 0-0-1
డి3 60,000: 1-0-0
పారాసెటమాల్ 650: ఎస్ఓఎస్

1-0-1 అంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని తెలుసు. ఆ లెక్కన ఉదయం ఎనిమిదికి ఆరు మాత్రలు, మధ్యాహ్నం ఒకటికి ఒకటి, రాత్రి ఎనిమిదికి మూడు అని రాసేశాను. పంపబోతుండగా, ఒకేసారి ఆరు మాత్రలేమిటని అనుమానం వచ్చింది. ఇంత సులువైన పనేనా ఇది, లేక నేను ఏదైనా వదిలేస్తున్నానా?

శ్రీకర్_కోడు | మంగళవారం, రాత్రి 9:52

సులువైన పనే అండి, కంగారు పడకండి. 1-0-1 అంటే పన్నెండు గంటలకు ఒకటి. 1-1-1 అంటే ఎనిమిది గంటలకు ఒకటి. ఉదయం ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ ఫోనులో అలారం పెట్టించండి. మా అమ్మకు నేను కంప్యూటర్లో ఒక పట్టిక చేశాను. మొదటి గడిలో మందు పేరు, రెండో గడిలో 1-0-1 అని కొడితే చాలు, మిగతాది అదే విడగొట్టి చూపిస్తుంది. కావాలంటే పంపుతాను.

పద్మజ_బళ్ళారి | మంగళవారం, రాత్రి 10:05

వాణి గారూ, మీకు 1-0-1 అంటే తెలుసు కాబట్టి సరిపోయింది. మా అత్తగారు ఏమనుకున్నారో తెలుసా? ఒక రోజు వేసుకుని, ఒక రోజు మాని, మళ్ళీ ఒక రోజు వేసుకోవాలని! బీపీ మాత్రను అలా ఇరవై రోజులు వాడారు. మాత్రలు ఎందుకు మిగిలాయని అడిగితే అప్పుడు బయటపడింది. ఆవిడను తప్పు పట్టడానికీ లేదు. ఆ మూడంకెలు మూడు పూటలని ఆ కాగితం మీద ఎక్కడా రాసి లేదు కదా.

తెనాలి_మందులషాపు | మంగళవారం, రాత్రి 10:20

వాణి గారూ, ఇంకా పంపలేదు కదా? పంపకండి. నేను ముప్పై ఏళ్ళుగా మందుల షాపులో కూర్చుంటున్నాను. మీ జాబితాలో రెండు వరుసలు చూడగానే ఆగిపోయాను.

మొదటిది డి3 60,000. ఆ మోతాదు మాత్రను సాధారణంగా వారానికి ఒకటి రాస్తారు. రోజూ వేసుకునే మాత్రలా 1-0-0 అని రాయడం చాలా అరుదు. అది చీటీలో నిజంగా అలాగే ఉందా, లేక పై వరుసల ధోరణిలో మీరే నింపారా?

రెండోది గ్లిమెపిరైడ్. తప్పని అనడం లేదు. కానీ అది చక్కెరను కిందకు లాగే మందు. ఆ అంకె మీద మీకు ఏ కొంచెం అనుమానం ఉన్నా ఇప్పుడే చెప్పండి.

ఇంకొకటి. ఫొటో కుడివైపు అంచు మొత్తం కనిపిస్తోందా? చీటీలో ఎన్ని రోజులు, తిండికి ముందా తరువాతా అనేవి ఆ చివరే ఉంటాయి. మీ జాబితాలో తిండి మాట ఒక్క చోట కూడా లేదు.

వాణి_పుణె | మంగళవారం, రాత్రి 10:31

మూర్తిగారూ (మీ పాత పోస్టుల్లో పేరు చూశాను, తప్పయితే మన్నించండి), మీరు అడిగిన రెండూ నిజమే.

డి3 వరుసలో "1" వరకే కనబడుతోంది. ఆ తరువాత కాగితం అంచుతో పాటు ఫొటో తెగిపోయింది. పైవన్నీ అలాగే ఉన్నాయి కదా అని 1-0-0 రాశాను. సిగ్గుగా ఉంది.

గ్లిమెపిరైడ్ దగ్గర కాగితం మడత పడింది. 1 స్పష్టంగా ఉంది. దాని పక్కన నీడలో ఒక గీత లాంటిది ఉంది. మడత గీతే అనుకున్నాను.

తిండి సంగతి రాసి ఉన్నట్టుంది గానీ సగం అక్షరాలు ఫొటోలోకి రాలేదు.

కొండలరావు_ఫొటో | మంగళవారం, రాత్రి 10:36

ఫొటో బాగా రావడం లేదనేదే మీ సమస్య అయితే చెబుతాను వినండి. చీటీని చేత్తో పట్టుకుని తీయకూడదు. బల్ల మీద పరచి, మడతలు చేత్తో నొక్కి, ట్యూబులైటు కింద కాకుండా కిటికీ దగ్గర పగటి వెలుతురులో తీయాలి. మీకు ఇప్పుడు రాత్రి కాబట్టి లైటు పక్కనుంచి పడేలా నిలబడి తీయమనండి. పైనుంచి తీస్తే మన తల నీడే పడుతుంది. ఫ్లాష్ వద్దు, నున్నటి కాగితమైతే మధ్యలో తెల్ల మచ్చ వస్తుంది. నాలుగు మూలలూ ఫ్రేములో ఉండాలి. వెనక వైపు కూడా తీయాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపమనండి.

మందుల గురించి నాకేమీ తెలియదు.

తెనాలి_మందులషాపు | మంగళవారం, రాత్రి 10:44

కొండలరావు గారు ప్రశ్న వేరేగా అర్థం చేసుకున్నా చెప్పింది మాత్రం ఇప్పుడు కావలసిందే. వాణి గారూ, తమ్ముడిని నిద్ర లేపి అయినా సరే అలా మళ్ళీ తీయించండి. దాంతో పాటు మందుల షాపు బిల్లు కూడా ఫొటో తీయించండి. షాపువాడు ఎన్ని మాత్రలిచ్చాడో చూస్తే చీటీలో ఏముందో సగం తెలిసిపోతుంది.

శ్రీకర్ గారూ, మీరన్నది సగం సరైనదే. అదీ ఒక్క మందు విషయంలో. పుండుకు ఇచ్చిన 625 యాంటీబయాటిక్. దానికి రెండు మోతాదుల మధ్య దూరం దాదాపు పన్నెండు గంటలు ఉండాలి. మెట్‌ఫార్మిన్ 1-0-1 అలా కాదు. అది తిండితో ముడిపడిన మందు. ఎనిమిదికి అలారం మోగింది, ఆరోజు టిఫిను తొమ్మిదిన్నరకు అయింది అనుకోండి. ఎనిమిదికే ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో తిప్పడం, విరేచనాలు. గ్లిమెపిరైడ్ అయితే ఇంకా ప్రమాదం. మందు వేసుకున్నారు, తిండి రాలేదు, చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. పెద్దవాళ్ళలో ఒక్కోసారి వణుకు కూడా లేకుండా మాట తడబడుతుంది, నిద్రమత్తు అనుకుని వదిలేస్తారు.

ఆ మూడంకెలు పూటను చెబుతాయి, గంటను చెప్పవు. గంట మీ నాన్నగారి కంచం చెప్పాలి.

శ్రీకర్_కోడు | మంగళవారం, రాత్రి 10:58

ఒప్పుకుంటున్నాను. అమ్మకు బీపీ మాత్ర ఒక్కటే కాబట్టి నాకు ఈ తేడా ఎదురు కాలేదు.

అలాగే నా పట్టిక సంగతి కూడా నిజం చెప్పాలి. ఇప్పుడు వాణి గారి జాబితా దాంట్లో పెట్టి చూశాను. 1-0-1 కొడితే అలాగే ఉంటోంది. సరదాగా 1-1-1 కొడితే 01-01-2001 అని తేదీ అయిపోయింది. అర మాత్రకు 1/2 కొడితే అదీ తేదీయే. సున్నా నెల ఉండదు కాబట్టి 1-0-1 తప్పించుకుంది, అంతే. ఇన్నాళ్ళూ పని చేస్తోందని మురిసిపోయాను. గడిని ముందుగా టెక్స్టుగా మార్చాలి, లేదా ముందు ఒక ' గుర్తు కొట్టాలి:

```
'1-1-1
'1/2-0-0
```

దానికంటే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు వేర్వేరు గడులు పెట్టి, సగాన్ని "అర" అని అక్షరాల్లో రాయడమే మేలనిపిస్తోంది.

సుధాకర్_ఖమ్మం | మంగళవారం, రాత్రి 11:03

నాదొక మాట. మా నాన్న చీటీలో 14-0-8 అని ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు పద్నాలుగు మాత్రలా అని గుండె ఆగినంత పనైంది. అది ఇన్సులిన్, యూనిట్లు. కాబట్టి ఆ అంకె ప్రతిసారీ మాత్రల లెక్క కాదు. సిరప్ అయితే మి.లీ. కూడా అదే వరుసలో రాస్తారు. పట్టికలో "14" అని ఊరికే రాయకుండా "14 యూనిట్లు" అని రాసి పెట్టాను.

తెనాలి_మందులషాపు | మంగళవారం, రాత్రి 11:08

బాగా చెప్పారు సుధాకర్ గారూ. ఇంకొక జాగ్రత్త. మన దగ్గర ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్ల మందు ఉంటుంది, పెన్నుల్లో 100. సీసాకు 40 గుర్తులున్న సిరంజే వాడాలి. ఇది వాణి గారి విషయం కాదు, ఇక్కడితో ఆపుతాను.

వాణి_పుణె | మంగళవారం, రాత్రి 11:20

తమ్ముడు మళ్ళీ తీసి పంపాడు, డాక్యుమెంటుగా. ఇప్పుడు అంచులన్నీ ఉన్నాయి. తేడాలు చెబుతాను.

డి3: "1 / వారం × 8". మూర్తిగారన్నట్టే వారానికొకటి. నా పట్టికే వెళ్ళి ఉంటే రోజుకొకటి మింగేవారు.

పాంటాప్రజోల్, 625 రెండు వరుసలనూ కలుపుతూ ఒక బ్రాకెట్టు ఉంది. దాని పక్కన 5 రోజులు. నేను 625కు ఒక్కదానికే అనుకున్నాను. మిగతావాటికి నెల రోజులు, ఆ తరువాత రావాలని రాశారు.

తిండి విషయం: థైరాయిడ్‌కు పరగడుపున, పాంటాప్రజోల్‌కు, గ్లిమెపిరైడ్‌కు టిఫినుకు ముందు, 625, మెట్‌ఫార్మిన్, కాల్షియంలకు తిన్న తరువాత.

గ్లిమెపిరైడ్ దగ్గర మడత చదును చేస్తే 1 కింద గీత, దాని కింద 2 లాంటిది ఉంది. కానీ ఆ 2 పైన సిరా చెదిరింది. అరనా ఒకటా?

బిల్లు: మెట్‌ఫార్మిన్ 60, అటోర్వాస్టాటిన్ 30, కాల్షియం 30, 625 పది, డి3 నాలుగు, పాంటాప్రజోల్ 10, గ్లిమెపిరైడ్ 15, థైరాయిడ్ ఒక సీసా.

శ్రీకర్_కోడు | మంగళవారం, రాత్రి 11:24

అయితే తేలిపోయింది! నెలకు 15 అంటే రోజుకు అర. మిగతావన్నీ సరిపోతున్నాయి చూడండి. మెట్‌ఫార్మిన్ రోజుకు రెండు, ముప్పై రోజులకు 60. డి3 నెలకు నాలుగు.

తెనాలి_మందులషాపు | మంగళవారం, రాత్రి 11:33

తేలలేదు శ్రీకర్ గారూ. షాపులో పదిహేను మాత్రల స్ట్రిప్పు ఉంటే "ప్రస్తుతానికి ఒకటి తీసుకెళ్ళండి" అని కూడా ఇస్తాం. అప్పుడు అది రోజుకొకటి చొప్పున పదిహేను రోజుల మందు అవుతుంది. అదే బిల్లులో పాంటాప్రజోల్ చూడండి. అయిదు రోజులకు అయిదే కావాలి, పది ఇచ్చారు. అంటే ఆ షాపువాడు స్ట్రిప్పు కోయకుండా ఇచ్చే రకం. బిల్లు అనుమానం పుట్టించడానికి పనికొస్తుంది. చక్కెర మందు మోతాదును తేల్చడానికి దాని మీద ఆధారపడకూడదు.

వాణి గారూ, ఇది మనం ఇక్కడ తేల్చేది కాదు. డిశ్చార్జి కాగితం మీద వార్డు ఫోను నంబరు ఉంటుంది. రాత్రిపూట కూడా డ్యూటీ నర్సు ఉంటారు. రేపు టిఫినులోపు సమాధానం కావాలి కాబట్టి ఇప్పుడే చేయండి. "గ్లిమెపిరైడ్ సరిగా ఉందా" అని అడగకండి, ఉందంటారు. "గ్లిమెపిరైడ్ రెండు మిల్లీగ్రాముల మాత్ర ఎంత వేయాలి, ఎన్ని పూటలు" అని అడిగి వాళ్ళ నోటితో చెప్పించండి.

ఇంకొకటి, ఇంట్లో ఆసుపత్రికి వెళ్ళకముందు వాడిన మందుల డబ్బా ఉందా?

మేరీ_రిటైర్డ్_నర్సు | బుధవారం, ఉదయం 5:10

రాత్రి నిద్రపోయాను, ఇప్పుడే చూశాను. మూర్తి గారి చివరి ప్రశ్నకు జవాబు రాలేదు. అది చాలా అవసరం. నేను వార్డులో ఉన్న రోజుల్లో, ఇంటికి వెళ్ళిన రెండో రోజే మళ్ళీ తీసుకొచ్చే కేసుల్లో పాత డబ్బాదే పాపం. కొత్త చీటీలోని మందునే పాత డబ్బాలో ఇంకొక పేరుతో ఉన్నది కూడా వేసేస్తారు. పాతదేమో డాక్టరు ఆపమన్నారని ఎవరూ చెప్పరు, కొత్త చీటీలోనూ "పాతవి ఆపండి" అని ఉండదు.

వాణి_పుణె | బుధవారం, ఉదయం 6:20

రాత్రి 11:50కి వార్డుకు ఫోను చేశాను. నర్సు గారు కేసు కాగితాలు తీసి చూసి చెప్పారు: గ్లిమెపిరైడ్ 2, అర మాత్ర, ఉదయం టిఫినుకు ముందు. రాత్రి డ్యూటీ డాక్టరు గారిని కూడా అడిగి చెప్పారు. నేను రాసింది దానికి రెట్టింపు.

మేరీ గారూ, పాత డబ్బా ఫొటో తెప్పించాను. ఒక స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాలతో వేరే కంపెనీ పేరు ఉంది. కింద చిన్న అక్షరాల్లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిపి ఉన్నాయి! అమ్మ ఈరోజు కూడా "ఇది రోజూ వేసుకునేదే కదా" అని పక్కన పెట్టి ఉంచిందట. తమ్ముడు దాన్ని విడిగా సంచిలో వేసి అటక మీద పెట్టాడు. నెల తరువాత డాక్టరుకు చూపిస్తాం.

మేరీ_రిటైర్డ్_నర్సు | బుధవారం, ఉదయం 6:35

హమ్మయ్య. అటక మీద పెట్టింది మంచి పని. నెల దాకా ఆగక్కర్లేదు, ఆ సంగతి కూడా ఫోనులో ఒకసారి చెప్పండి, పాతది ఆపమన్నారో లేదో వాళ్ళ నోటితో వినాలి.

ఇక పట్టిక. గంటలు రాసే ముందు నాన్నగారి రోజు ఎలా గడుస్తుందో చెప్పండి. ఎన్నింటికి లేస్తారు, కాఫీ ఎప్పుడు, టిఫిను, భోజనం, నిద్ర?

వాణి_పుణె | బుధవారం, ఉదయం 6:48

లేచేది అయిదింటికి. లేచిన పది నిమిషాలకు కాఫీ, అది ఆగదు. టిఫిను ఎనిమిదికి. భోజనం పన్నెండున్నరకు. రాత్రి ఏడున్నరకు తింటారు. తొమ్మిదిన్నరకు పడక.

శనివారం ఒంటిపూట ఉంటారు. రాత్రి అన్నం ముట్టరు, రెండు ఇడ్లీలో ఉప్మానో తింటారు. ఏకాదశి అయితే పండ్లు, పాలే.

మేరీ_రిటైర్డ్_నర్సు | బుధవారం, ఉదయం 7:15

అయితే ఇలా విడదీస్తాను. మూర్తి గారు చూసి దిద్దాలి.

థైరాయిడ్ మాత్ర లేవగానే, మంచినీళ్ళతో. కాఫీ కనీసం అరగంట ఆగాలి, గంట ఆగితే మేలు. కాఫీ ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. దీని మీద నాన్నగారితో గొడవ తప్పదు, ముందే చెబుతున్నాను. కాల్షియం కూడా దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి. డాక్టరు కాల్షియాన్ని మధ్యాహ్నం పూటకు రాసింది అందుకే అయి ఉంటుంది. అమ్మగారు "అన్నీ ఉదయమే ఇచ్చేస్తే సరిపోతుంది కదా" అని కాల్షియాన్ని ముందుకు జరపకూడదు.

పాంటాప్రజోల్ టిఫినుకు అరగంట ముందు, ఏడున్నరకు. గ్లిమెపిరైడ్ అర మాత్ర టిఫిను పళ్ళెం ముందు పెట్టాకే చేతికివ్వండి. టిఫిను పొయ్యి మీద ఉండగా ఇవ్వకండి. టిఫిను అయ్యాక 625, మెట్‌ఫార్మిన్.

మధ్యాహ్నం భోజనం అయ్యాక కాల్షియం. రాత్రి భోజనం అయ్యాక 625, మెట్‌ఫార్మిన్. ఎనిమిదిన్నర నుంచి ఎనిమిది దాకా లెక్కేస్తే 625కు దాదాపు పన్నెండు గంటలు వచ్చేస్తుంది. శ్రీకర్ గారి లెక్క ఇక్కడ నెగ్గింది.

అటోర్వాస్టాటిన్ పడుకునేటప్పుడు తొమ్మిదింటికి.

మెట్‌ఫార్మిన్ పక్కన ఎస్ఆర్ ఉంది కదా, అది నెమ్మదిగా కరిగే మాత్ర. నలిపి, నీళ్ళలో కలిపి ఇవ్వకూడదు. పాంటాప్రజోల్ కూడా నలపకూడదు. మాత్ర పెద్దదిగా ఉంటే మింగలేక చాలామంది చేసే పని ఇది.

తెనాలి_మందులషాపు | బుధవారం, ఉదయం 8:05

అన్నీ సరిగానే ఉన్నాయమ్మా. అటోర్వాస్టాటిన్ ఒక్కటి మార్చమంటాను. అది ఏ పూటైనా పని చేస్తుంది, డాక్టరు రాత్రి అన్నారు కాబట్టి రాత్రే. కానీ దాని ఒక్కదాని కోసం తొమ్మిదింటికి ఇంకొక పూట ఎందుకు? ఏడున్నర భోజనం మందులతో కలిపేస్తే మరచిపోరు.

మేరీ_రిటైర్డ్_నర్సు | బుధవారం, ఉదయం 8:20

కలపవచ్చు. అయితే నాకు తొమ్మిదే ఇష్టం. మందు వేసుకున్నాక ఒకసారి మొత్తం డబ్బా చూసి పడుకునే అలవాటు ఉంటుంది. వాణి గారి ఇష్టం.

తెనాలి_మందులషాపు | బుధవారం, ఉదయం 8:31

పారాసెటమాల్ ఎస్ఓఎస్ అంటే నొప్పి, జ్వరం ఉంటేనే. దాన్ని పట్టికలో గంటల గడుల్లో పెట్టకండి. కింద విడిగా రాయండి: "అవసరమైతేనే. ఒకటి వేసుకున్నాక కనీసం ఆరు గంటలు ఆగాలి." రోజుకు ఎన్ని దాటకూడదో డాక్టరును అడిగి ఆ అంకె కూడా రాయండి. జలుబు మందుల్లో కూడా పారాసెటమాల్ కలిపి ఉంటుంది, రెండూ కలిపి వేసుకోకూడదు.

625 ఎప్పుడు మొదలుపెట్టారు?

వాణి_పుణె | బుధవారం, ఉదయం 8:40

మొదటి మాత్ర నిన్న రాత్రి భోజనం తరువాత.

తెనాలి_మందులషాపు | బుధవారం, ఉదయం 8:52

అయితే పది మాత్రలు ఆదివారం ఉదయంతో అయిపోతాయి. మంగళ రాత్రి ఒకటి, బుధ, గురు, శుక్ర, శని రెండేసి, ఆదివారం ఉదయం పదోది. పట్టికలో "5 రోజులు" అని రాస్తే శనివారం రాత్రికే ఆపేసి ఒక మాత్ర మిగులుస్తారు. లేదా ఆదివారం రాత్రి లేదని మళ్ళీ షాపుకు పరుగెడతారు. "ఆదివారం ఉదయం చివరిది" అని తేదీతో రాయండి. పాంటాప్రజోల్ ఈ ఉదయం మొదలైతే అయిదోది కూడా ఆదివారం ఉదయమే. మిగిలిన అయిదు స్ట్రిప్పులో కనిపిస్తుంటాయి కాబట్టి వాడేస్తారు. దాని మీద "ఆదివారం తరువాత వద్దు" అని పెన్నుతో రాయించండి.

వాణి_పుణె | బుధవారం, మధ్యాహ్నం 1:30

పట్టిక ఇలా తయారైంది. తప్పులుంటే చెప్పండి.

ఉదయం 5:00, లేవగానే, మంచినీళ్ళతో: థైరాయిడ్ 1. కాఫీ 6:00 తరువాతే.
ఉదయం 7:30: పాంటాప్రజోల్ 1 (ఆదివారం ఉదయం చివరిది)
ఉదయం 8:00, పళ్ళెం ముందు పెట్టాక: గ్లిమెపిరైడ్ అర మాత్ర
టిఫిను అయ్యాక: 625 ఒకటి (ఆదివారం ఉదయం చివరిది), మెట్‌ఫార్మిన్ 1 (నలపకూడదు)
మధ్యాహ్నం భోజనం అయ్యాక: కాల్షియం 1
రాత్రి భోజనం అయ్యాక: 625 ఒకటి (శనివారం రాత్రి వరకు), మెట్‌ఫార్మిన్ 1, అటోర్వాస్టాటిన్ 1
ఆదివారం మధ్యాహ్నం భోజనం తరువాత మాత్రమే: డి3 ఒకటి (8 వారాలు)
అవసరమైతేనే: పారాసెటమాల్ 1, మళ్ళీ వేసుకోవాలంటే 6 గంటలు ఆగాలి

డి3 వరుసను వేరే రంగులో పెట్టి ఎనిమిది చిన్న గడులు గీశాను, వేసుకున్నాక టిక్కు పెట్టమని. అటోర్వాస్టాటిన్ విషయంలో మూర్తిగారి మాట విన్నాను. మేరీ గారూ, అమ్మ తొమ్మిదికల్లా నిద్రపోతుంది, అందుకు.

మేరీ_రిటైర్డ్_నర్సు | బుధవారం, మధ్యాహ్నం 2:10

బాగుంది. ఒక్క సవరణ. గ్లిమెపిరైడ్ అర మాత్రను ముందే కోసి డబ్బాలో పెట్టమనకండి, విరిగి పొడి అవుతుంది. మధ్యలో గాడి ఉంటే చేత్తోనే రెండుగా విరుగుతుంది. గాడి లేకపోతే షాపులో అడిగి 1 మిల్లీగ్రాము మాత్రకు మార్పించుకోవచ్చేమో డాక్టరును అడగండి. మార్చినా సరే, పట్టికలో "అర" పోయి "ఒకటి" రావాలి. మాత్ర మారి కాగితం మారకపోతే మళ్ళీ మొదటికి వస్తాం.

శనివారం రాత్రి ఇడ్లీ తిన్నా మెట్‌ఫార్మిన్‌కు తిండి ఉన్నట్టే. ఏకాదశి సంగతి మాత్రం నేను చెప్పను. పండ్లు, పాలతో గడిపే రోజు గ్లిమెపిరైడ్ వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. పట్టికలో ఆ రోజుకు ఖాళీ గడి ఉంచి, అడిగాక నింపండి.

పద్మజ_బళ్ళారి | బుధవారం, సాయంత్రం 4:45

మా అత్తగారికి చదువు రాదు. ఆవిడ కోసం పేర్లకు బదులు ఖాళీ స్ట్రిప్పు ముక్కనే పట్టికలో ఆ గడిలో అతికించాను. ఉదయం గడి పక్కన సూర్యుడు, రాత్రి గడి పక్కన చంద్రుడు. వాణి గారి అమ్మగారికి అక్షరాలు ఆనవన్నారు కదా, పనికొస్తుందేమో.

తెనాలి_మందులషాపు | బుధవారం, సాయంత్రం 5:20

మంచి ఉపాయమే, కానీ తరువాతి నెల షాపులో అదే మందు వేరే కంపెనీది ఇస్తే రంగు మారుతుంది. అప్పుడు "ఇది మనది కాదు" అని మానేసేవాళ్ళను చూశాను. స్ట్రిప్పు అతికించినా కింద మందు పేరు పెద్దగా రాయాలి.

సుధాకర్_ఖమ్మం | బుధవారం, రాత్రి 8:15

ఒక అనుమానం. నాలుగు అంకెలుంటే ఎలా చదవాలి? నిన్న మా పిన్ని చీటీలో 1-0-0-1 అని చూశాను. మూడోది సాయంత్రమా?

తెనాలి_మందులషాపు | బుధవారం, రాత్రి 8:40

చాలామంది ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అనే వరుసలోనే రాస్తారు. కానీ మూడోదాన్ని రాత్రి భోజనంగా, నాలుగోదాన్ని పడుకునే ముందుగా రాసేవాళ్ళనూ చూశాను. 1-0-0-1లో ఆ రెండు పద్ధతుల్లోనూ చివరిది రాత్రే అవుతుంది. తిన్న వెంటనేనా, పడుకునే ముందా అన్నది మాత్రం రాసినవారినే అడగాలి.

వాణి_పుణె | గురువారం, ఉదయం 7:05

పట్టిక గోడకెక్కింది. ఏకాదశి గడి ఇంకా ఖాళీగానే ఉంది, డాక్టరు గారు మధ్యాహ్నం ఫోను చేయమన్నారు. పాత కలిపిన మాత్ర ఆపినట్టే అని వార్డులో ఖాయంగా చెప్పారు.

ఉదయం అయిదున్నరకు నాన్నగారి నుంచి నాకు ఫోను. పట్టిక మొత్తం చదివారట. మందుల గురించి ఒక్క మాట అడగలేదు. "కాఫీ ఆరింటికని ఎవరు రాశారు?" అని అడిగారు. డాక్టరు గారని చెప్పేశాను. మేరీ గారూ, మీ పేరు చెప్పలేదు.